లగ్జరీ కారు డిప్రిసియేషన్ లిమిట్: దక్కని భాగాన్ని సరిగ్గా లెక్కించడం ఎలా? (అమెరికాలో సొంత వ్యాపారం ఉన్నవారికి)

ఫిబ్రవరి వచ్చిందంటే ఫోన్లో ఇదే ప్రశ్న. "అన్నా, బిజినెస్ కోసం తొంభై వేల డాలర్లు పెట్టి కారు కొన్నాను. ఈ ఏడాది పది వేలు కూడా రావడం లేదంటున్నాడు మా సీపీఏ. మిగతాదంతా పోయినట్టేనా?"

పోలేదు. చాలావరకు వెనక్కి జరిగిందంతే. ఎంత జరిగింది, ఎప్పుడు తిరిగొస్తుంది, దాన్ని ఎక్కడ రాసిపెట్టుకోవాలి అన్నది ఇక్కడ వరుసగా చెబుతాను. వ్యాపారానికి వాడే కారు మీద ఏటా ఇంతకు మించి డిప్రిసియేషన్ తీసుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టంలో సెక్షన్ 280ఎఫ్ గీత గీస్తుంది, ఈ లిమిట్ అదే. ఇండియాలో కారు ధర ఎంతైనా ఏటా 15 శాతం తరుగుదల రాసుకోవడం అలవాటైనవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది.

మొత్తం ఒకే ఉదాహరణతో వెళ్దాం. టెక్సస్‌లో ఒకాయన ఐటీ కన్సల్టింగ్ చేస్తున్నాడు. ఒక్కడే ఓనరుగా ఎల్ఎల్‌సీ ఉంది, ఆదాయం షెడ్యూల్ సీ మీద చూపిస్తాడు. 2024 జూన్‌లో ఒక కొత్త సెడాన్ కొన్నాడు. రాష్ట్రం వసూలు చేసే 6.25 శాతం సేల్స్ ట్యాక్స్‌తో కలిపి మొత్తం 90,000 డాలర్లు అయింది. టెక్సస్‌లో వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఫెడరల్ లెక్క ఒక్కటే చూస్తే చాలు.

## 1. ముందు మీ బండి ఈ లిమిట్ కిందికి వస్తుందో లేదో చూడండి

డ్రైవర్ తలుపు తెరిస్తే, తలుపు ఫ్రేము మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. టైరు ప్రెషర్ వివరాల దగ్గరే బండి బరువు రేటింగ్ పౌండ్లలో రాసి ఉంటుంది. ఎస్‌యూవీ, పికప్, వ్యాన్ అయితే ఆ రేటింగ్ 6,000 పౌండ్లు దాటిందా అని చూడండి. దాటితే 280ఎఫ్ డాలర్ లిమిట్ ఆ బండికి వర్తించదు. పెద్ద ఎస్‌యూవీలు కొనమని డీలర్లు ఎగదోసేది అందుకే. వాటికి వేరే నియమాలున్నాయి, అది మరో వ్యాసం.

మామూలు సెడాన్‌కు ఈ రేటింగ్ చూడరు, ఖాళీ బండి బరువు చూస్తారు. సెడాన్లు 6,000 పౌండ్ల లోపే ఉంటాయి కాబట్టి లిమిట్ తప్పదు.

పేరులో "లగ్జరీ" ఉంది కదా, మనకెందుకులే అనుకోకండి. 2024లో కొన్న కారుకి మొదటి ఏడాది లిమిట్ 12,400 డాలర్లు. ఏ ఏడాది ఎంత శాతం డిప్రిసియేషన్ రాసుకోవాలో చెప్పే ఐఆర్‌ఎస్ ఐదేళ్ల టేబుల్‌లో మొదటి ఏడాది రేటు 20 శాతం. 12,400ని 20 శాతంతో భాగిస్తే 62,000. అంటే మొదటి ఏడాదే పెద్ద మొత్తం అదనంగా రాసుకోనిచ్చే బోనస్ డిప్రిసియేషన్ తీసుకోకపోతే, సుమారు 62,000 డాలర్ల వరకు ఉన్న కారుకి లిమిట్ అడ్డు రాదు. అది దాటితేనే కోత పడుతుంది.

స్టాండర్డ్ మైలేజ్ రేటు తీసుకునేవాళ్లకు ఈ వ్యాసంతో పని లేదు. 2024లో మైలుకి 67 సెంట్లు, డిప్రిసియేషన్ అందులోనే కలిసి ఉంటుంది. కానీ మొదటి ఏడాదే అసలు ఖర్చుల పద్ధతిలో టేబుల్ డిప్రిసియేషన్ తీసుకుంటే, ఆ కారుకి మళ్లీ మైలేజ్ రేటుకి మారడం కుదరదు.

## 2. లెక్క మొదలెట్టేముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొనుగోలు బిల్లు: కారు ధర, సేల్స్ ట్యాక్స్. లోన్ మీద కొన్నా మొత్తం ధరే బేసిస్, అంటే డిప్రిసియేషన్ లెక్క మొదలయ్యే మొత్తం. కట్టిన వాయిదాలతో దీనికి సంబంధం లేదు.
- కారుని వ్యాపారానికి వాడటం మొదలెట్టిన తేదీ.
- మైలేజ్ లాగ్: తేదీ, ఎక్కడికి, ఎందుకు, ఎన్ని మైళ్లు.
- జనవరి 1, డిసెంబర్ 31 నాటి ఓడోమీటర్ రీడింగులు. మధ్యలో కొంటే కొన్న రోజు రీడింగు.
- ఆ ఏడాది కొన్న మిగతా వస్తువుల జాబితా: ల్యాప్‌టాప్‌లు, సర్వర్లు. ఇవెందుకో 5వ భాగంలో తెలుస్తుంది.

అన్నింటికంటే ఎక్కువ తగాదా వచ్చేది మైలేజ్ లాగ్ దగ్గర. మన ఉదాహరణలో కారు 18,000 మైళ్లు తిరిగింది, అందులో 14,400 వ్యాపారానికి. అంటే 80 శాతం. ఇంటినుంచి రోజూ వెళ్లే ఆఫీసుకి నడిపిన మైళ్లు సొంత వాడకమే, వ్యాపారం కింద రావు. ఇంట్లోనే నిబంధనల ప్రకారం హోమ్ ఆఫీసు ఉంటే మాత్రం అక్కడినుంచి క్లయింటు దగ్గరికి వెళ్లిన మైళ్లు లెక్కలోకి వస్తాయి.

వ్యాపార వాడకం 50 శాతం దాటకపోతే బోనసూ ఉండదు, వేగంగా తరిగే టేబులూ ఉండదు. ఐదేళ్ల స్ట్రెయిట్ లైన్ పద్ధతి ఒక్కటే గతి, దానికీ ఈ లిమిట్ ఉంటుంది.

## 3. లిమిట్లు ఎంత?

లిమిట్ అనేది కారు వాడకంలోకి వచ్చిన ఏడాదిని బట్టి స్థిరపడుతుంది. 2024లో కొన్న కారుకి చివరిదాకా 2024 పట్టికే. ఏటా కొత్తగా వచ్చే పట్టికను పాత కారుకి అంటించకూడదు.

| | 2024లో వాడకంలోకి వచ్చిన కారు | 2025లో వాడకంలోకి వచ్చిన కారు |
|---|---|---|
| మొదటి ఏడాది, బోనస్ లేకుండా | 12,400 | 12,200 |
| మొదటి ఏడాది, బోనస్‌తో | 20,400 | 20,200 |
| రెండో ఏడాది | 19,800 | 19,600 |
| మూడో ఏడాది | 11,900 | 11,800 |
| ఆ తర్వాత ప్రతి ఏడాది | 7,160 | 7,060 |

ఇవి నూటికి నూరు శాతం వ్యాపారానికి వాడే కారుకి. మీ వాడకం 80 శాతమైతే ఈ అంకెలు కూడా 80 శాతానికి తగ్గుతాయి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. బేసిస్‌ని 80 శాతానికి తగ్గించి, లిమిట్‌ని మాత్రం పూర్తిగా తీసుకుంటారు.

## 4. ఏటా చేయాల్సిన లెక్క

ముందు బోనస్ వద్దనుకున్నట్టు లెక్కిద్దాం. ప్రతి ఏడాదీ అవే నాలుగు అడుగులు.

1. బేసిస్‌ని వ్యాపార శాతంతో గుణించండి: 90,000 × 80% = 72,000.
2. దాన్ని ఆ ఏడాది టేబుల్ రేటుతో గుణించండి. ఐఆర్‌ఎస్ ఐదేళ్ల టేబుల్ రేట్లు వరుసగా 20, 32, 19.2, 11.52, 11.52, 5.76 శాతం.
3. ఆ ఏడాది లిమిట్‌ని వ్యాపార శాతంతో గుణించండి.
4. రెండింటిలో తక్కువది మీకు దక్కేది. టేబుల్ అంకె లిమిట్‌ని మించితే, మించినంతా దక్కని భాగం.

మొదటి ఏడాది టేబుల్ ప్రకారం 72,000 × 20% = 14,400. లిమిట్ 12,400 × 80% = 9,920. దక్కేది 9,920. దక్కనిది 4,480.

మిగతా ఏళ్లు కూడా వాడకం 80 శాతమే ఉందనుకుంటే:

| ఏడాది | టేబుల్ ప్రకారం | లిమిట్ | దక్కేది | దక్కనిది |
|---|---|---|---|---|
| 2024 | 14,400 | 9,920 | 9,920 | 4,480 |
| 2025 | 23,040 | 15,840 | 15,840 | 7,200 |
| 2026 | 13,824 | 9,520 | 9,520 | 4,304 |
| 2027 | 8,294 | 5,728 | 5,728 | 2,566 |
| 2028 | 8,294 | 5,728 | 5,728 | 2,566 |
| 2029 | 4,147 | 5,728 | 4,147 | 0 |

ఐదేళ్ల టేబుల్‌కి ఆరు వరుసలేమిటని అడుగుతారు. మొదటి ఏడాది సగమే లెక్కిస్తారు కాబట్టి మిగిలిన సగం ఆరో ఏడాదిలో పడుతుంది. అక్టోబరులోనో ఆ తర్వాతో కొన్నవాళ్లు మాత్రం జాగ్రత్త. ఆ ఏడాది కొన్న ఆస్తుల్లో 40 శాతం కంటే ఎక్కువ విలువ చివరి మూడు నెలల్లోనే వస్తే వేరే టేబుల్ వాడాలి, అందులో మొదటి ఏడాది రేటు బాగా తగ్గుతుంది.

2029 వరుస మళ్లీ చూడండి. లిమిట్ 5,728 ఉంది, టేబుల్ 4,147 ఇస్తోంది. "ఇంకా 1,581 ఖాళీ ఉంది కదా, పాత బాకీ అందులో సర్దేద్దాం" అనిపిస్తుంది. కుదరదు. దక్కని భాగం ఆరేళ్ల టేబుల్ పూర్తయ్యాకే బయటికొస్తుంది.

సెంట్లతో సహా కలిపితే ఆరేళ్లలో దక్కింది 50,883, వెనక్కి జరిగింది 21,117.

## 5. బోనస్ తీసుకోవాలా, వద్దనాలా?

మొదటి ఏడాది లిమిట్ 12,400 బదులు 20,400 అనగానే అందరికీ బోనస్ మీదికి మనసు పోతుంది. నేనైతే ఇక్కడ ఆగి, కాగితం మీద ఆరేళ్ల లెక్క వేస్తాను.

2024లో బోనస్ 60 శాతం. 72,000లో 60 శాతం అంటే 43,200 బోనస్. మిగిలిన 28,800 మీద 20 శాతం, 5,760. మొత్తం 48,960. లిమిట్ 20,400 × 80% = 16,320. దక్కేది 16,320, దక్కనిది 32,640.

మొదటి ఏడాది 6,400 ఎక్కువ వచ్చింది, బాగానే ఉంది. రెండో ఏడాదికి రండి. బోనస్ పోగా టేబుల్‌లో మిగిలింది 28,800 మాత్రమే. దాని మీద 32 శాతం అంటే 9,216. లిమిట్ 15,840 వరకు ఇస్తానంటోంది, కానీ తీసుకోవడానికి టేబుల్‌లో సరుకు లేదు. మూడో ఏడాది 5,530, నాలుగు, ఐదు ఏళ్లలో 3,318 చొప్పున, ఆరో ఏడాది 1,659.

ఆరేళ్లకి కలిపితే బోనస్ దారిలో దక్కింది 39,360. బోనస్ వద్దన్న దారిలో 50,883. మొదటి ఏడాది 6,400 ముందున్నవాడు ఆరో ఏడాదికి 11,523 వెనకబడ్డాడు. బోనస్‌లో దక్కని 32,640 మొత్తం 2030 దాకా గడ్డకట్టి ఉంటుంది.

కాబట్టి ఖరీదైన కారుకి బోనస్ అన్ని వేళలా లాభం కాదు. ఈ ఏడాది ఆదాయం బాగా ఎక్కువ ఉండి వచ్చే ఏడాది పడిపోతుందని తెలిస్తే తీసుకోండి. ఆదాయం నిలకడగా ఉంటే, కారు నాలుగైదేళ్లు ఉంచుకునేవాళ్లకు వద్దనుకోవడమే మేలని నా అభిప్రాయం.

వద్దనుకోవడానికి పద్ధతుంది. రిటర్న్‌లో బోనస్ వేయకుండా వదిలేస్తే సరిపోదు. ఆ ఏడాది ఐదేళ్ల తరగతి ఆస్తులకు బోనస్ వద్దంటున్నానని ఒక స్టేట్‌మెంట్ రాసి, ఎక్స్‌టెన్షన్‌తో కలిపి ఉన్న గడువులోపు వేసే రిటర్న్‌కి జత చేయాలి. లేకపోతే మీరు తీసుకోకపోయినా తీసుకున్నట్టే చట్టం లెక్కేస్తుంది, బేసిస్ ఆ మేరకు తగ్గిపోతుంది.

ఇంకో మెలిక. వద్దనడం కారు ఒక్కదానికే కాదు, ఆ ఏడాది వాడకంలోకి వచ్చిన ఐదేళ్ల తరగతి ఆస్తులన్నిటికీ. ల్యాప్‌టాప్‌లు, సర్వర్లు కూడా ఆ తరగతే. కారు కోసం వద్దంటే వాటి బోనసూ పోతుంది. ల్యాప్‌టాప్‌లకు సెక్షన్ 179 కింద మొత్తం ఖర్చు రాసుకునే వీలుంటే ఈ బాధ తప్పుతుంది. మిగతా వస్తువుల జాబితా దగ్గర పెట్టుకోమన్నది ఇందుకే. కారుకి సెక్షన్ 179 వాడినా ఉపయోగం తక్కువ, అది కూడా అదే మొదటి ఏడాది లిమిట్‌లోనే ఇమడాలి.

2025 జనవరి 19 తర్వాత కొన్న కారుకి బోనస్ 100 శాతం. అక్కడ ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. బేసిస్ అంతా మొదటి ఏడాదే బోనస్ కిందికి వెళితే, తర్వాతి ఐదేళ్లకు టేబుల్‌లో మిగిలేది సున్నా. మొదటిసారి 100 శాతం బోనస్ వచ్చినప్పుడు దీనికి విరుగుడుగా ఐఆర్‌ఎస్ 2019లో ఒక సేఫ్ హార్బర్ పద్ధతి ఇచ్చింది. దాని సంగతి మీ సీపీఏతో తేల్చుకోకుండా 100 శాతం బోనస్‌కి ఒప్పుకోకండి.

## 6. ఏడో ఏడాది నుంచి బాకీ వసూలు

మన ఉదాహరణలో 2024 మొదటి ఏడాది, కాబట్టి 2030 ఏడోది. అప్పటికీ కారు మీ దగ్గరే ఉండి, వ్యాపారానికే వాడుతుంటే ఏటా 7,160లో మీ వ్యాపార శాతం వరకు తీసుకోవచ్చు. 80 శాతానికి 5,728.

బోనస్ వద్దన్న దారిలో 2030, 2031, 2032లో 5,728 చొప్పున, 2033లో మిగిలిన 3,933. బోనస్ దారిలో అయితే 2030 నుంచి 2034 దాకా 5,728 చొప్పున, 2035లో చివరి 4,000.

పన్నెండేళ్లు ఒకే కారు నడిపేవాళ్లు ఎంతమంది? చాలామంది మధ్యలోనే అమ్మేస్తారు. బాకీ అసలు తేలేది అప్పుడే, అది 8వ భాగం.

## 7. ఫామ్ 4562లో ఎక్కడ రాయాలి?

కారు "లిస్టెడ్ ప్రాపర్టీ" కాబట్టి పార్ట్ 5లో పెట్టాలి.

- 24ఎ, 24బి: మీ దగ్గర ఆధారం ఉందా, రాతపూర్వకంగా ఉందా అని అడుగుతాయి. లాగ్ లేకుండా ఇక్కడ "అవును" అని టిక్ పెట్టకండి.
- లైన్ 25: బోనస్ తీసుకుంటే ఆ మొత్తం.
- లైన్ 26: వాడకం 50 శాతం దాటిన కారు వివరాలు. దాటకపోతే లైన్ 27.
- సెక్షన్ బి, లైన్ 30 నుంచి: వ్యాపార మైళ్లు, రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చిన మైళ్లు, మిగతా సొంత మైళ్లు.

రాయాల్సింది లిమిట్ తీసేశాక దక్కిన అంకె. దక్కని 4,480కి ఈ ఫామ్‌లో గడి లేదు, వచ్చే ఏడాదికి దానంతటదే మోసుకెళ్లే లైనూ లేదు. అందుకే 4వ భాగంలోలాంటి పట్టిక ఒకటి స్ప్రెడ్‌షీట్‌లో పెట్టి, ప్రతి రిటర్న్ కాపీతో పాటు దాచుకోండి. సీపీఏని మార్చినప్పుడు తప్పిపోయేది సరిగ్గా ఇదే కాగితం.

## 8. అమ్మేటప్పుడు: ఇక్కడ చేసే తప్పు ఖరీదైనది

అదే ఆయన, బోనస్ వద్దనుకుని, 2027లో కారుని 50,000కి అమ్మాడనుకుందాం.

అమ్మిన ఏడాది టేబుల్ అంకెలో సగమే వస్తుంది. 8,294లో సగం 4,147. లిమిట్ కంటే తక్కువే కాబట్టి మొత్తం దక్కుతుంది.

ఇప్పటిదాకా దక్కింది: 9,920 + 15,840 + 9,520 + 4,147 = 39,427.
వ్యాపార భాగం బేసిస్: 72,000 − 39,427 = 32,573.
అమ్మకంలో వ్యాపార భాగం: 50,000 × 80% = 40,000.
లాభం: 7,427. ఇది మామూలు ఆదాయంగా పన్ను పడే లాభం, ఫామ్ 4797లో చూపించాలి.

ఇప్పుడు తప్పు లెక్క చూడండి. బేసిస్‌లోంచి దక్కిన డిప్రిసియేషన్ బదులు టేబుల్ డిప్రిసియేషన్ మొత్తం తీసేస్తే, అంటే 55,411 తీసేస్తే, బేసిస్ 16,589కి పడిపోతుంది. లాభం 23,411 అవుతుంది. తేడా 15,984. మొదటి మూడేళ్లలో దక్కని 4,480, 7,200, 4,304 కలిపి చూడండి, సరిగ్గా అంతే. వాడుకోని మినహాయింపు మీద కూడా పన్ను కట్టినట్టు.

సొంత వాడకం 20 శాతం వేరు. దాని బేసిస్ 18,000, అమ్మకంలో వాటా 10,000. ఈ 8,000 నష్టం మినహాయింపుగా రాదు, వ్యాపార లాభంతో సర్దడానికీ లేదు.

పాత కారు ఇచ్చి కొత్తది తీసుకున్నా ఇదే లెక్క. 2018 నుంచి కార్ల ట్రేడ్-ఇన్‌ని అమ్మకంగానే చూస్తున్నారు, లాభం కొత్త కారులోకి జారదు.

## 9. తరచూ కనిపించే పొరపాట్లు, వాటి మందు

మొదటి ఏడాది వ్యాపార శాతాన్నే ఏటా వాడటం. లాగ్ ప్రకారం ప్రతి ఏడాదీ శాతం మారుతుంది. బేసిస్‌కి, లిమిట్‌కి రెండింటికీ ఆ ఏడాది శాతమే వాడండి.

మధ్యలో వాడకం 50 శాతానికో, అంతకంటే కిందికో పడిపోయినా పట్టించుకోకపోవడం. అలా పడిన ఏడాది, అంతకుముందు స్ట్రెయిట్ లైన్ కంటే ఎక్కువగా తీసుకున్నదంతా ఆదాయంలో కలపాలి. ఇంటినుంచే పని మొదలెట్టి, క్లయింటు దగ్గరికి వెళ్లడం మానేసినవాళ్లకు ఇది ఎక్కువగా తగులుతోంది. సెప్టెంబరులోనే ఒకసారి లాగ్ కూడి చూసుకోండి, ఇంకా మూడు నెలలు చేతిలో ఉంటాయి.

దక్కని భాగాన్ని "ఇతర ఖర్చులు"లో పెట్టేయడం. అది ఖర్చు కాదు, బేసిస్‌లో మిగిలిన మొత్తం. పొరపాటున పెట్టేసి ఉంటే రిటర్న్ సవరించండి.

లీజుకి తీసుకుంటే లిమిట్ తప్పుతుందనుకోవడం. ఖరీదైన కారు లీజు అద్దెలోంచి ఐఆర్‌ఎస్ పట్టిక ప్రకారం ఏటా కొంత తగ్గించుకోవాలి. మొత్తం చిన్నదే గానీ, మరిచిపోకూడదు.

ఎస్-కార్ప్ పేరు మీద కారు పెట్టి ఇదే లెక్క వేయడం. అక్కడ ఓనరు సొంత వాడకాన్ని జీతంలో కలిపే వేరే పద్ధతి ఉంది. ఈ వ్యాసం షెడ్యూల్ సీ వాళ్లకే.

## రిటర్న్ పంపేముందు టిక్ పెట్టుకోండి

- [ ] ఎస్‌యూవీ, పికప్ అయితే తలుపు స్టిక్కర్ ఫోటో తీసి దాచాను
- [ ] బేసిస్‌లో సేల్స్ ట్యాక్స్ కలిపాను
- [ ] కారు వాడకంలోకి వచ్చిన ఏడాది పట్టికే వాడాను
- [ ] బేసిస్‌ని, లిమిట్‌ని రెండింటినీ ఒకే వ్యాపార శాతంతో గుణించాను
- [ ] బోనస్ ఉంటే, లేకుంటే అని ఆరేళ్ల లెక్క రెండు రకాలుగా వేసి చూశాను
- [ ] వద్దనుకుంటే స్టేట్‌మెంట్ జత చేశాను, ల్యాప్‌టాప్‌ల సంగతి చూసుకున్నాను
- [ ] ఈ ఏడాది దక్కని మొత్తాన్ని పట్టికలో రాసి, రిటర్న్ కాపీతో పెట్టాను